కిస్తీలు కడుతున్నా కారు మనది కాదు! బాకీ ఎనిమిది లక్షలు, బండి ధర అయిదున్నర దాటితే గొప్ప

సిరికొండ : పచ్చి పసుపు అయిదు క్వింటాళ్లు ఉడకబెట్టి, కళ్లంలో ఎండబోసి, పాలిష్ పట్టిస్తే చేతికి వచ్చేది సుమారు ఒక్క క్వింటాలే. ఈ సంగతి ఈ ప్రాంతపు రైతుకు ఎవరూ నేర్పనక్కరలేదు. పచ్చి కొమ్ము తూకం చూసి అప్పు తెచ్చుకునే రైతు మన మండలంలో కనిపించడు. కాని అదే రైతు కారు కొనడానికి వెళ్లిన నాడు మాత్రం పచ్చి తూకం మీదనే అప్పు తీసుకుంటున్నాడు. బండి షోరూమ్ గేటు దాటిన క్షణం నుంచి దాని ధర ఎండడం మొదలవుతుంది. అప్పు మాత్రం అంత వేగంగా ఎండదు. ఈ రెండింటి మధ్య చిక్కుకున్న ఒక రైతు కథ ఇది.

సిరికొండ మండలానికి చెందిన ఈ రైతుకు నాలుగెకరాల పొలం ఉంది. అందులో ఎకరంన్నర పసుపు, మిగతాది వరి. పేరు రాయవద్దని ఆయన కోరారు. 2024 అక్టోబరులో దసరా పండుగకు ఆయన ఒక చిన్న పెట్రోలు కారు కొన్నారు. మరుసటి ఏడాది ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాలను భారీ వర్షాలు ముంచెత్తాయి. ఆయన పసుపు చేనులో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. దుంపకుళ్లు సోకి సగం చేను పాడయింది. చేతిలో డబ్బు ఆడక, అక్టోబరులో కారు అమ్మి అప్పు వదిలించుకుందామని ఆర్మూరుకు తీసుకువెళ్లారు.

అక్కడ పాత కార్ల వ్యాపారి బండి చుట్టూ ఒకసారి తిరిగి, మీటరు చూసి, అయిదు లక్షల డెబ్బయి వేలు ఇస్తానన్నారు. ఫైనాన్సు వారికి ఫోను చేస్తే కట్టవలసిన బాకీ ఎనిమిది లక్షల ఆరు వేలని చెప్పారు.

"ఏడాది సంది ఒక్క కిస్తీ తప్పలే. లక్షా ఎనబై వేలు కట్టిన. బండి అమ్మినా ఇంకా రెండున్నర లక్షలు నేనే ఎదురియ్యాల్నట. గిదేం లెక్క అన్నా?" అని ఆయన ఈ విలేకరి ముందు వాపోయారు.

ఇందులో దొంగ లెక్క ఏమీ లేదు. ఫైనాన్సు వారు మోసం చేయలేదు, వ్యాపారి కూడా మరీ తక్కువ అడగలేదు. బాకీ కంటే బండి విలువ తక్కువగా ఉన్న ఈ స్థితికి బ్యాంకుల భాషలో 'నెగెటివ్ ఈక్విటీ' అని పేరు. మన మాటలో చెప్పాలంటే బండిలో యజమాని వాటా సున్నా కంటే కిందికి పోయింది. అది ఎలా పోయిందో ఆయన కాగితాలు ముందు పెట్టుకుని నెల నెలా చూద్దాం.

మొదటి రోజే లక్షా నలభై వేలు

కారు షోరూమ్ ధర 8 లక్షలు. దాని మీద రాష్ట్ర ప్రభుత్వానికి కట్టే జీవితకాల పన్ను 14 శాతం, అంటే లక్షా 12 వేలు. బీమా, రిజిస్ట్రేషన్, ఇతర ఖర్చులు 38 వేలు. అంతా కలిపి బండి రోడ్డెక్కేసరికి తొమ్మిదిన్నర లక్షలు అయింది. ఇందులో రైతు చేతి నుంచి పెట్టింది 50 వేలు. మిగిలిన 9 లక్షలు నూటికి ఏడాదికి 10 రూపాయల వడ్డీతో ఏడేళ్లకు అప్పు తీసుకున్నారు. నెల కిస్తీ 14,941 రూపాయలు.

ఇక్కడే మొదటి మెలిక ఉంది. పన్ను, బీమా, రిజిస్ట్రేషన్ కింద పోయిన లక్షన్నర బండిని తిరిగి అమ్మేటప్పుడు రాదు. కొనేవాడు బండికి ధర కడతాడు గాని మనం ఎప్పుడో కట్టిన పన్నుకు కట్టడు. పైగా షోరూమ్ దాటిన బండి కొత్తది కాదు. కొత్త బండికి కూడా బీమా కంపెనీలు షోరూమ్ ధరలో 5 శాతం తగ్గించి విలువ కడతాయి. అంటే 7 లక్షల 60 వేలు. బండికి కొబ్బరికాయ కొట్టి, పూలదండ వేసిన రోజునే అప్పు 9 లక్షలు, విలువ 7 లక్షల 60 వేలు. అప్పటికే లక్షా 40 వేలు లోటు.

మొదటి ఏడాది గుంట లోతవుతుంది

బండి విలువ ఎంతని ఎవరిని అడగాలి? పాత బండికి ఒక్కో వ్యాపారి ఒక్కో ధర చెబుతాడు. కాని అందరికీ అందుబాటులో ఉన్న కొలబద్ద ఒకటుంది. బీమా పత్రం మీద 'ఐ.డి.వి.' అని ఒక అంకె ఉంటుంది. బండి పూర్తిగా నష్టమైతే బీమా కంపెనీ లెక్కగట్టే విలువ అది. షోరూమ్ ధరలో నుంచి ఆరు నెలల లోపు బండికి 5 శాతం, ఏడాది లోపు 15 శాతం, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, అయిదేళ్ల లోపు 50 శాతం తగ్గించడం పద్ధతి. బజారు ధర దీనికి కాస్త అటూ ఇటూ ఉండవచ్చు. వ్యాపారి తన లాభం చూసుకుంటాడు గనుక సాధారణంగా ఇంకొంచెం తక్కువే అడుగుతాడు.

ఈ లెక్కన మొదటి ఏడాదిలో 8 లక్షల బండి విలువ 7 లక్షల 60 వేల నుంచి 6 లక్షల 40 వేలకు దిగుతుంది. నెలకు సగటున 10 వేలు తరుగు. మరి అప్పు ఎంత తరుగుతోంది? మొదటి కిస్తీ 14,941 రూపాయల్లో 7,500 వడ్డీకే పోయింది. అసలు కింద జమ అయింది 7,441 మాత్రమే. పన్నెండో నెలలో కూడా అసలుకు జమ అయ్యేది 8,200 లోపే. బండి నెలకు పది వేలు దిగుతుంటే, అప్పు ఏడున్నర, ఎనిమిది వేలు దిగుతోంది. అంటే కిస్తీ కట్టిన ప్రతి నెలా లోటు తగ్గకపోగా సగటున రెండు వేలకు పైగా పెరుగుతూ వచ్చింది.

ఏడాదిలో ఆ రైతు కట్టిన లక్షా 79 వేలలో దాదాపు 86 వేలు వడ్డీ. అసలు తీరింది తొంభై మూడున్నర వేలు. "లక్షా ఎనబై వేలు కట్టిన" అన్నది నిజమే. కాని అందులో సగం దాకా బాకీని తాకనే లేదు.

పన్ను తగ్గింది, పాత బండి పడిపోయింది

ఇది చాలదన్నట్లు మరో దెబ్బ తగిలింది. 2025 సెప్టెంబరు 22 నుంచి కేంద్రం చిన్న కార్లపై జి.ఎస్.టి.ని తగ్గించింది. పొడవు నాలుగు మీటర్లు, ఇంజను 1200 సీసీ మించని పెట్రోలు కార్లపై అంతకు ముందు 28 శాతం పన్ను, ఒక శాతం సెస్సు కలిపి 29 శాతం ఉండేది. అది 18 శాతానికి దిగింది. కొత్తగా కొనేవారికి ఇది పండుగే. 8 లక్షల కారు 7 లక్షల 32 వేలకు వచ్చింది.

కాని ఏడాది కిందట 8 లక్షల ధర మీద అప్పు చేసి కొన్న వారి సంగతి? కొత్త బండి 68 వేలు తగ్గినప్పుడు పాత బండికి పాత ధర ఎవరిస్తారు? "కొత్తదే ఏడు లక్షల ముప్పయికి వస్తుంటే, ఏడాది తిరిగిన బండికి ఆరున్నర ఎవరు పెడ్తరు తమ్మీ?" అని ఆర్మూరు వ్యాపారి ఈ రైతుతో అన్నారట. ఆ మాటలో తప్పు లేదు. బీమా కంపెనీ కూడా పునరుద్ధరణ నాటి షోరూమ్ ధర మీదనే తరుగు లెక్క కడుతుంది. 7 లక్షల 32 వేలలో 20 శాతం తీసేస్తే 5 లక్షల 85 వేలు. అక్టోబరులో ఆయన తీసుకున్న బీమా పత్రం మీద ఉన్నది ఈ అంకెయే. పన్ను తగ్గిన పుణ్యాన బండి విలువ మరో 55 వేలు పోయింది. అప్పు మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గలేదు.

ఆ రైతు అప్పు, బండి విలువ ఏ నెలకు ఎలా ఉంటాయో కింద చూడవచ్చు. అప్పు అంకెలు ఫైనాన్సు వారు ఇచ్చిన వాయిదాల పట్టిక నుంచి, విలువ అంకెలు బీమా తరుగు పద్ధతి నుంచి తీసుకుని వేలకు సవరించినవి. కొత్త బండి ధర మళ్లీ మారదనుకుని కట్టిన లెక్క ఇది.

కొన్న నాడు : బాకీ 9,00,000 - విలువ 7,60,000 - లోటు 1,40,000
6 నెలలకు : బాకీ 8,54,000 - విలువ 6,80,000 - లోటు 1,74,000
12 నెలలకు : బాకీ 8,06,000 - విలువ 5,85,000 - లోటు 2,21,000
24 నెలలకు : బాకీ 7,03,000 - విలువ 5,12,000 - లోటు 1,91,000
36 నెలలకు : బాకీ 5,89,000 - విలువ 4,39,000 - లోటు 1,50,000
48 నెలలకు : బాకీ 4,63,000 - విలువ 3,66,000 - లోటు 97,000
57 నెలలకు : బాకీ 3,60,000 - విలువ 3,66,000 - మిగులు 6,000

రెండో ఏడు నుంచి లోటు తగ్గుతుండటం ఇందులో గమనించవచ్చు. అప్పటికి బండి తరుగు నెలకు ఆరు వేలకు దిగుతుంది. అసలు కింద జమ అయ్యేది ఎనిమిది వేలు దాటుతుంది. గుంట అందరికంటే లోతుగా ఉండేది ఏడాది తిరిగే సమయంలోనే. మన రైతుకు డబ్బు అవసరం పడింది సరిగ్గా అప్పుడే. 57వ కిస్తీ కట్టిన నాడు గాని ఆ బండిలో ఆయనకంటూ రూపాయి వాటా పుట్టదు. అంటే దాదాపు నాలుగు సంవత్సరాల తొమ్మిది నెలలు.

లోటు ఉంటే నష్టమేమిటి?

బండి ఇంటి ముందుండి, కిస్తీ నెల నెలా కడుతూ పోతే ఈ లోటు ఎవరినీ బాధించదు. ఏడేళ్లకు అప్పు తీరిపోతుంది. లోటు కాటు వేసేది రెండు సందర్భాల్లో.

మొదటిది, మధ్యలో అమ్మవలసి రావడం. బండి ఆర్.సి.లో ఫైనాన్సు వారి తాకట్టు నమోదై ఉంటుంది. బాకీ అణాపైసలతో తీర్చితేనే వారు అభ్యంతరం లేదన్న పత్రం, తాకట్టు తొలగింపునకు 35వ నంబరు ఫారం ఇస్తారు. అవి రవాణా కార్యాలయంలో ఇచ్చి తాకట్టు కొట్టివేయించిన తరువాతే 29, 30 నంబర్ల ఫారాలతో బండిని కొన్నవారి పేరుకు మార్చడం కుదురుతుంది. అంటే బండి ధర చాలనప్పుడు తేడా డబ్బు అమ్మేవాడే ముందుగా ఎదురు పెట్టాలి. మన రైతు కాగితాల్లో ముందుగా అప్పు తీర్చితే బాకీ మీద 4 శాతం రుసుము, దాని మీద జి.ఎస్.టి. అని కూడా ఉంది. అది మరో 38 వేలు. బండికి 5 లక్షల 70 వేలు పోగా ఆయన ఎదురు పెట్టవలసింది 2 లక్షల 74 వేలు. ఆ డబ్బే ఉంటే బండి అమ్ముకోవలసిన పని ఏమిటి?

రెండోది, బండి పూర్తిగా పాడవడం. బాగుచేసే ఖర్చు ఐ.డి.వి.లో 75 శాతం మించితే బీమా కంపెనీ దానిని పూర్తి నష్టం కింద లెక్కగడుతుంది. ఆగస్టు వరదలో ఈ కారు కొట్టుకుపోయి ఉంటే ఏమయ్యేది? మొదటి ఏడాది బీమా విలువ 7 లక్షల 60 వేలు. అప్పటి బాకీ 8 లక్షల 23 వేలు. బీమా సొమ్ము ముందు ఫైనాన్సు వారికే పోతుంది. బండి లేకుండా పోయి, ఇంకా 63 వేలు బాకీ మిగిలేది. రెండో ఏడాది మొదట్లో అదే జరిగితే మిగిలే బాకీ రెండు లక్షల దరిదాపుల్లో ఉంటుంది. లోటులో ఉన్నవారికి ఉపయోగపడే అదనపు బీమా ఒకటుంది. దానిని 'రిటర్న్ టు ఇన్వాయిస్' అంటారు. పూర్తి నష్టమైనప్పుడు తరిగిన విలువ కాక బిల్లు ధర ఇస్తారు. దీనికి ప్రీమియం కొంత ఎక్కువ. సాధారణంగా మొదటి కొద్ది సంవత్సరాలకే ఇస్తారు.

మాట మీద అమ్మితే మరో ప్రమాదం

లోటులో ఉన్న బండిని వదిలించుకోవడానికి గ్రామాల్లో ఒక అడ్డదారి నడుస్తోంది. యాభై వేలో లక్షో చేతిలో పెట్టి బండి తీసుకుపోతారు. మిగతా కిస్తీలు మేమే కడతామని స్టాంపు కాగితం మీద రాసిస్తారు. మన రైతుకు కూడా ఒకరు ఇలాగే ఆశ చూపారు.

ఆ స్టాంపు కాగితానికి ఫైనాన్సు వారు కట్టుబడరు. అప్పు, ఆర్.సి. రెండూ పాత యజమాని పేరనే ఉంటాయి. తీసుకుపోయినవాడు కిస్తీ ఎగ్గొడితే నోటీసు వచ్చేది ఇక్కడికే. ఆ బండి ఎవరినైనా గుద్దితే మరీ కష్టం. బండి చేతులు మారినా రిజిస్టరులో ఎవరి పేరుంటే వారే యజమాని అని, నష్టపరిహారం బాధ్యత వారిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

బండినే తీసుకుపోయి ఫైనాన్సు వారికి అప్పగిస్తే అప్పు తీరిపోతుందనుకోవడం కూడా పొరపాటే. వారు దానిని వేలం వేస్తారు. వేలంలో వచ్చే ధర బజారు ధర కంటే తక్కువగానే ఉంటుంది. వచ్చింది బాకీలో జమ కట్టి, మిగిలినది రుణగ్రస్తుని నుంచి, జామీను ఉన్నవారి నుంచి అడుగుతారు.

కొనే రోజే తేలే లెక్క

అదే కారును అదే రోజు మరో విధంగా కొని ఉంటే? షోరూమ్ ధరలో 80 శాతం, అంటే 6 లక్షల 40 వేలు మాత్రం అప్పు తీసుకుని, అయిదేళ్లలో తీర్చేటట్లు రాయించుకున్నారనుకుందాం. చేతి నుంచి 3 లక్షల 10 వేలు పెట్టాలి. కిస్తీ 13,598 రూపాయలు. గడువు రెండేళ్లు తగ్గినా కిస్తీ కూడా తక్కువే. ఏడాదికి బాకీ 5 లక్షల 36 వేలకు దిగేది. పన్ను తగ్గింపు దెబ్బ తగిలిన తరువాత కూడా బండి విలువ 5 లక్షల 85 వేలు. అమ్మితే అప్పు తీర్చి కొంతయినా చేతికి వచ్చేది. మొత్తం వడ్డీ కూడా 3 లక్షల 55 వేలకు బదులు లక్షా 76 వేలతో సరిపోయేది.

చేతిలో మూడు లక్షలు లేనివారు? చిన్న బండో, పాత బండో చూసుకోవడమే తప్ప గడువు పెంచుకోవడం మందు కాదు. గడువు పెరిగిన కొద్దీ తొలి కిస్తీల్లో అసలు వాటా తగ్గుతుంది, గుంట లోతవుతుంది.

పసుపు రైతుకు కిస్తీ నెలనెలా వచ్చినా ఆదాయం ఏడాదికొకసారే. మార్చి, ఏప్రిల్ నెలల్లో నిజామాబాద్ మార్కెట్ యార్డులో సరుకు అమ్మిన నాడే చేతిలో డబ్బు ఆడుతుంది. ఇప్పటికే లోటులో ఉన్నవారికి ఆ సమయమే దారి. మన రైతు 18వ కిస్తీ తరువాత ఒక లక్ష, మరుసటి పంట నాడు 30వ కిస్తీ తరువాత మరో లక్ష అసలు కింద విడిగా జమ చేస్తే, 30వ కిస్తీ నాటికి బాకీ 4 లక్షల 37 వేలకు దిగుతుంది. అప్పటి బండి విలువ 5 లక్షల 12 వేలు. 57వ నెలలో అందవలసిన ఒడ్డు 30వ నెలలోనే అందుతుంది.

దీనికి ముందు రెండు విషయాలు చూసుకోవాలి. ఆ లక్ష అసలు కిందనే జమ చేయాలని, కిస్తీ అలాగే ఉంచి గడువు తగ్గించాలని రాతపూర్వకంగా అడగాలి. లేకపోతే రాబోయే కిస్తీల ఖాతాలో ముందుగా వేసుకునే అవకాశం ఉంది. అలాగే ముందస్తు చెల్లింపునకు రుసుము ఎంతో తెలుసుకోవాలి. మారే వడ్డీ మీద వ్యక్తులు సొంతానికి తీసుకున్న రుణాలకు ఆ రుసుము వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. స్థిరమైన వడ్డీ రుణాలకు ఆ రక్షణ లేదు. కారు అప్పులు ఎక్కువగా స్థిర వడ్డీవే.

2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చిన రుణాలకు ముఖ్యాంశాల పత్రం ఒకటి తప్పనిసరిగా ఇవ్వాలి. ఏ కిస్తీలో వడ్డీ ఎంత, అసలు ఎంత, కట్టిన తరువాత బాకీ ఎంత అన్న పట్టిక అందులో ఉంటుంది. ఆ పట్టికలోని బాకీ అంకెను బీమా పత్రంలోని ఐ.డి.వి. అంకె పక్కన పెడితే చాలు. బండిలో మన వాటా ఉందో లేదో ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

మన రైతు బండి అమ్మలేదు, మాట మీద ఇవ్వనూ లేదు. వరి అమ్మిన డబ్బుతో కిస్తీలు నెట్టుకొస్తున్నారు. ఆ రెండు కాగితాలు ఇప్పుడు ఆయన ఇంట్లో ఒకే కవరులో ఉన్నాయి. "పసుపు ఎండినంక తూకం ఏస్తం గని, కారుకు పచ్చి తూకమే ఏసిన. మల్ల బండి కొంటే ముందుగాల ఈ రెండు కాయితాలు పక్కపక్కన పెట్టి చూస్త" అన్నారు ఆయన.